ఒకే జీతం మీద రెండు దేశాల చందా: జర్మనీకి పంపిన ఉద్యోగి విషయంలో సీఓసీ ఎంతవరకు ఆదుకుంది

హైదరాబాద్‌లో వాహనాల సాఫ్ట్‌వేర్ తయారు చేసే ఒక సంస్థ తన సీనియర్ ఇంజనీరును 2023 ఫిబ్రవరి 1 నుంచి మూడేళ్ల పాటు జర్మనీలోని మాతృసంస్థకు పంపింది. ఆయన 2012 నుంచి ఆ సంస్థలోనే పనిచేస్తున్నారు, పీఎఫ్‌తో పాటు ఉద్యోగుల పెన్షన్ పథకంలోనూ సభ్యులు. ఈ నియామకంలో పీఎఫ్, పేరోల్ వ్యవహారాలు చూసే బాధ్యత మా కార్యాలయానికి వచ్చింది. సంస్థ పేరు, ఉద్యోగి పేరు ఇక్కడ చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలు లేకుండా చిన్న వివరాలు కొన్ని మార్చాను. నిబంధనలు, శాతాలు మాత్రం అప్పుడు అమలులో ఉన్నవే.

సమస్య స్వభావం ఇది. ఉద్యోగి జర్మనీలో పనిచేస్తున్నాడు కాబట్టి, అక్కడి చట్టం ప్రకారం ఆయన జీతంపై పెన్షన్ బీమా చందా 18.6 శాతం, నిరుద్యోగ బీమా చందా 2.6 శాతం కట్టాలి. ఇందులో సగం ఉద్యోగిది, సగం యజమానిది. మరోవైపు ఆయన హైదరాబాద్ సంస్థ ఉద్యోగిగానే కొనసాగుతున్నాడు కాబట్టి ఇక్కడ పీఎఫ్ ఆపడానికి వీల్లేదు. ఆయన మూల వేతనం నెలకు 90,000 రూపాయలు. సంస్థ 15,000 రూపాయల పరిమితిని పట్టించుకోకుండా పూర్తి మూల వేతనంపైనే పీఎఫ్ కడుతుంది కాబట్టి ఉద్యోగి వాటా 10,800, సంస్థ వాటా 10,800 చొప్పున ప్రతి నెలా జమ అవుతోంది. సంస్థ వాటాలోంచి 1,250 రూపాయలు పెన్షన్ పథకానికి వెళ్తుంది. జర్మనీ లెక్కలో ఆయన నెల జీతం మొత్తం 5,000 యూరోలు. దానిపై పెన్షన్, నిరుద్యోగ బీమాలకు ఉద్యోగి నుంచి 530, యజమాని నుంచి 530, మొత్తం నెలకు 1,060 యూరోలు. మూడేళ్లకు ఇది 38,160 యూరోలు. యూరోకు 90 రూపాయల చొప్పున వేసుకున్నా 34 లక్షలు దాటుతుంది.

ఈ డబ్బంతా వృథా అయిపోతుందని చెప్పడం సరికాదు. జర్మనీలో 60 నెలల కన్నా తక్కువ చందా కట్టి దేశం విడిచినవారు, తప్పనిసరి బీమా ముగిశాక 24 నెలలు ఆగి, తమ వాటాను వాపసు అడగవచ్చు. అయితే వచ్చేది ఉద్యోగి వాటా మాత్రమే, యజమాని వాటా తిరిగి రాదు. పైగా ఈ కేసులో జర్మన్ వాటా రెండూ సంస్థే భరించాలి, ఎందుకంటే విదేశానికి పంపినందువల్ల చేతికి వచ్చే జీతం తగ్గదని ఉద్యోగికి ముందే హామీ ఇచ్చారు. అందువల్ల చందా తప్పించుకోగలిగితే మొత్తం లాభం సంస్థది, రెండు దేశాల్లో కాగితాల పని తప్పడం ఉద్యోగికి లాభం.

వీసా ఎంపికలోనే తేలిపోయే విషయం

భారత్, జర్మనీల మధ్య సామాజిక భద్రతపై రెండు ఒప్పందాలు జరిగాయి. మొదటిది 2009 అక్టోబర్ 1న అమలులోకి వచ్చింది, అది చందాల మినహాయింపుకు సంబంధించినది. దాని స్థానంలో వచ్చిన సమగ్ర ఒప్పందంపై 2011లో సంతకాలు జరిగినా, అది 2017 మే 1 నుంచే అమలైంది. దీని ప్రకారం ఒక దేశంలోని యజమాని తన ఉద్యోగిని తన తరఫున పని చేయడానికి రెండో దేశానికి పంపితే, మొదటి 48 నెలల వరకు పంపిన దేశపు చట్టమే వర్తిస్తుంది. రెండు దేశాల అధికార సంస్థలు ఒప్పుకుంటే దాన్ని 60 నెలల వరకు పొడిగించవచ్చు. ఈ ఉద్యోగి మా దేశపు పథకంలోనే ఉన్నాడని పంపిన దేశం ఇచ్చే ధ్రువపత్రమే సర్టిఫికెట్ ఆఫ్ కవరేజ్, అందరూ వాడుకలో సీఓసీ అంటారు. మన దేశంలో దాన్ని ఈపీఎఫ్ఓ ఇస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే అమెరికాతో మనకు ఇలాంటి ఒప్పందం లేదు. కాబట్టి అక్కడికి ఎల్-1 వీసాపై పంపిన ఉద్యోగి విషయంలో సీఓసీ అనే ప్రశ్నే రాదు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత తప్పదు. ఈ కథనంలో చెప్పేదంతా ఒప్పందం ఉన్న దేశానికి, అందులోనూ జర్మనీకి మాత్రమే వర్తిస్తుంది. ఇతర దేశాల ఒప్పందాల్లో గడువు, పరిధి వేరుగా ఉంటాయి.

మా దగ్గరకు ఫైలు వచ్చేసరికి వీసా ఏజెన్సీ బ్లూ కార్డుకు పత్రాలు సిద్ధం చేయడం మొదలుపెట్టింది. బ్లూ కార్డు త్వరగా వస్తుంది, కుటుంబానికి అనుకూలం, తర్వాత శాశ్వత నివాసానికి దారి తీస్తుంది. ఆ కారణాలన్నీ నిజమే. కానీ బ్లూ కార్డుకు జర్మన్ సంస్థతో నేరుగా ఉద్యోగ ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందంపై సంతకం పెట్టిన క్షణం నుంచి ఆయన జర్మన్ సంస్థ ఉద్యోగి, హైదరాబాద్ సంస్థ పంపిన వ్యక్తి కాడు. అప్పుడు సీఓసీకి ఆధారమే పోతుంది. ఒకవేళ ఆ సంగతి చెప్పకుండా సీఓసీ తీసుకున్నా అది వాస్తవానికి విరుద్ధమైన పత్రమవుతుంది. అందుకే ఐసీటీ కార్డు తీసుకోవాలని సూచించాం. అది ఒకే గ్రూపులోని సంస్థల మధ్య బదిలీ అయ్యే మేనేజర్లకు, నిపుణులకు ఇచ్చే అనుమతి. గరిష్ఠంగా మూడేళ్లు ఉంటుంది, ఉద్యోగ ఒప్పందం స్వదేశంలోని సంస్థతోనే కొనసాగాలన్నది దాని షరతు. జీతం మాత్రం జర్మనీలో అదే పని చేసేవారితో పోల్చదగినంత ఉండాలి. సీఓసీకి ఏది అవసరమో ఐసీటీ కార్డుకూ అదే అవసరం కావడం వల్ల రెండు ఫైళ్లూ ఒకే మాట చెప్పాయి.

నియామక పత్రాన్ని కూడా తిరగరాయించాం. మొదటి చిత్తులో మూడేళ్ల తర్వాత కొనసాగింపు పరస్పర అంగీకారం మేరకు అని ఒక వాక్యం ఉండేది. జర్మన్ అధికారులు ముందుగా నిర్ణయించిన గడువు ఉందా అని చూస్తారు, ఈ వాక్యం గడువు లేదన్న అర్థమిస్తుంది. దాని స్థానంలో 2023 ఫిబ్రవరి 1 నుంచి 2026 జనవరి 31 వరకు అని స్పష్టంగా రాశాం. జీతం ఇవ్వాల్సిన బాధ్యత, పనితీరు మదింపు, సెలవు మంజూరు, ఉద్యోగం ముగించే అధికారం హైదరాబాద్ సంస్థవేనని, గడువు ముగిశాక ఇక్కడికి తిరిగి వచ్చి విధుల్లో చేరాలని అందులో ఉంది.

దరఖాస్తు, పేరు దగ్గర ఆగిన ఫైలు

సీఓసీకి దరఖాస్తును ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లోని అంతర్జాతీయ ఉద్యోగుల విభాగంలో నింపాలి. ఉద్యోగి యూఏఎన్, పాస్‌పోర్టు వివరాలు, హైదరాబాద్ సంస్థ పీఎఫ్ కోడ్, జర్మన్ సంస్థ చిరునామా, నియామకం మొదలు, ముగింపు తేదీలు అడుగుతారు. ఉద్యోగి, యజమాని ఇద్దరూ ధ్రువీకరించాక ఆ సంస్థ ఏ ప్రాంతీయ కార్యాలయం పరిధిలోకి వస్తుందో అక్కడ పరిశీలిస్తారు. వాళ్లు ముఖ్యంగా చూసేది ఆ వ్యక్తి నిజంగా పీఎఫ్ సభ్యుడా, చందా కడుతున్నారా అన్నది. మూల వేతనం 15,000 దాటిందన్న కారణంతో మొదటి నుంచీ పీఎఫ్‌లో చేరని ఉద్యోగులు చాలా సంస్థల్లో ఉంటారు. అలాంటివారికి సీఓసీ రాదు, ముందు సభ్యులుగా చేరాలి. పథకంలోనే లేని మనిషి పథకంలో ఉన్నాడని ధ్రువపత్రం ఇవ్వడం సాధ్యం కాదు కదా.

మా ఫైలు ఆగింది అందుకు కాదు, పేరు వల్ల. మన ప్రాంతంలో ఇంటిపేరు ముందు వస్తుంది, అది కూడా చాలా పత్రాల్లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఈ ఉద్యోగి ఆధార్‌లోనూ యూఏఎన్‌లోనూ ఇంటిపేరు మొదటి అక్షరం, ఆపైన రెండు మాటల పేరు ఉన్నాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వేరే గడిలో ఉంది. ఈపీఎఫ్ఓ రికార్డులో ఉన్న పేరుతో సీఓసీ వస్తే, జర్మనీలో ఆయన నివాస అనుమతి, పన్ను సంఖ్య, బ్యాంకు ఖాతా అన్నీ పాస్‌పోర్టు పేరుతో ఉంటాయి. అక్కడ గుమస్తా ఇద్దరూ ఒకరేనని నమ్మడానికి కారణం ఉండదు. ఆధార్‌లో పేరును పాస్‌పోర్టుకు సరిపోయేలా మార్పించి, ఆపైన సంస్థ, ఉద్యోగి కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ ద్వారా యూఏఎన్‌లో సరిచేయించాం. తర్వాతే సీఓసీ దరఖాస్తు ముందుకు కదిలింది. విదేశీ నియామకం తేలిన రోజే చూడాల్సిన మొదటి విషయం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మిగతా పనులన్నీ ఒకేసారి నడిపించవచ్చు గానీ ఇది పూర్తయ్యేదాకా సీఓసీ ఫైలు కదలదు. సీఓసీ జనవరిలో, ఆయన బయలుదేరడానికి ముందే చేతికి వచ్చింది.

జర్మన్ జీతం చీటీలో నాలుగు అంకెలు

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో జర్మనీలో చందా కోత పడింది. కారణం పన్ను. ఆయనకు జీతం హైదరాబాద్ నుంచే వెళ్తున్నా, ఆ ఖర్చును జర్మన్ సంస్థ తిరిగి చెల్లిస్తోంది. అలాంటప్పుడు జర్మన్ సంస్థ తన దగ్గర పేరోల్‌లో ఆయన పేరు చేర్చి, వేతన పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. డబ్బు ఇక్కడి నుంచే వెళ్తుంది, అక్కడ లెక్క మాత్రమే నడుస్తుంది, దీన్ని షాడో పేరోల్ అంటారు. అక్కడి పేరోల్ సేవల సంస్థ ఆయన్ను కొత్త ఉద్యోగిగా నమోదు చేసినప్పుడు, మిగతా ఉద్యోగులకు చేసినట్టే సామాజిక బీమాలన్నిటికీ నమోదు చేసింది. సీఓసీ ప్రతి హైదరాబాద్ మానవ వనరుల విభాగం ఫైలులో ఉంది, జర్మన్ సంస్థ మానవ వనరుల విభాగానికీ అందింది, కానీ అక్కడి నుంచి పేరోల్ సేవల సంస్థకు చేరలేదు.

ఏప్రిల్ చివర ఆయన జీతం చీటీ పంపించి, పన్ను తప్ప ఏమీ కోయరన్నారు కదా అని అడిగారు. జర్మన్ జీతం చీటీలో ఉద్యోగి వివరాల పక్కన నాలుగు అంకెల సంకేతం ఒకటి ఉంటుంది. వరుసగా ఆరోగ్య బీమా, పెన్షన్ బీమా, నిరుద్యోగ బీమా, దీర్ఘకాల సంరక్షణ బీమాలకు ఒక్కో అంకె. చందా లేకపోతే సున్నా, మామూలు ఉద్యోగికి నాలుగూ ఒకట్లే. ఈయన చీటీలో 1111 అని ఉంది. జర్మన్ రాకపోయినా, మిగతా అంకెలన్నీ చూడకపోయినా, ఈ ఒక్కటి చూస్తే సీఓసీ అమలవుతోందో లేదో తెలిసిపోతుంది. అప్పటి నుంచి జర్మనీ వెళ్లే ప్రతి ఉద్యోగినీ మొదటి నెల చీటీ పంపమని అడుగుతున్నాం, చూసేది ఈ అంకెలనే.

సంకేతం ఏమై ఉండాలన్న దానిపై అసలు చర్చ మొదలైంది. హైదరాబాద్ సంస్థ వాళ్లు 0000 కావాలని ఆశించారు, సీఓసీ ఉంది కాబట్టి జర్మనీలో ఏదీ కట్టనక్కర్లేదన్నది వాళ్ల నమ్మకం. మా వాళ్లలోనూ కొందరికి మొదట అదే అభిప్రాయం ఉండేది. కానీ ఒప్పందం పరిధి చూస్తే జర్మనీ వైపు సీఓసీతో మినహాయింపు వచ్చేది పెన్షన్ బీమాకు, దానితో పాటు నిరుద్యోగ బీమాకు మాత్రమే. ఆరోగ్య బీమా, సంరక్షణ బీమా, యజమాని మాత్రమే కట్టే ప్రమాద బీమా ఒప్పందంలో లేవు. ఈ మూడింటికీ జర్మనీ సొంత చట్టం ప్రకారమే నిర్ణయం జరుగుతుంది.

ఆ చట్టంలో కూడా ఒక మినహాయింపు ఉంది. విదేశీ యజమాని దగ్గర ఉన్న ఉద్యోగ సంబంధంలో భాగంగా, పరిమిత కాలానికి జర్మనీకి వచ్చి పనిచేసేవారికి జర్మన్ సామాజిక బీమా వర్తించదని అది చెబుతుంది. దీన్ని అక్కడ ఐన్‌స్ట్రాలుంగ్ అంటారు. ఇది వర్తిస్తే సీఓసీ సాయం లేకుండానే నాలుగు బీమాలూ పోతాయి, సంకేతం 0000 అవుతుంది. వర్తించాలంటే ఉద్యోగ సంబంధం అసలు ఎక్కడ ఉందో తేల్చాలి. ఒకే గ్రూపులోని సంస్థల మధ్య బదిలీల్లో అధికారులు ఉద్యోగి పని ఏ సంస్థలో కలిసిపోయింది, జీతం అడిగే హక్కు ఎవరిపై ఉంది అన్నవి చూస్తారు. జీతాన్ని జర్మన్ సంస్థ తన వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను లెక్కల్లో తగ్గించుకుంటుంటే అది ఐన్‌స్ట్రాలుంగ్‌కు వ్యతిరేకమైన గట్టి సూచన.

ఈ కేసులో మిగతావన్నీ మనవైపే ఉన్నాయి. ఒప్పందం హైదరాబాద్‌ది, జీతం ఇవ్వాల్సింది హైదరాబాద్, గడువు స్పష్టం. కానీ జీతం ఖర్చు పూర్తిగా జర్మన్ సంస్థకు బదిలీ అయింది, దాన్ని వాళ్లు తమ ఖర్చుగా చూపించారు. షాడో పేరోల్ అవసరం పడిందే అందుకు. పన్ను ఫైలులో ఆయన ఖర్చు మాదేనని చెబుతూ, బీమా ఫైలులో ఆయనకూ మాకూ సంబంధం లేదని చెప్పడం నిలబడదు. ఖర్చు బదిలీని వెనక్కి తీసుకుని, ఇంజనీరింగ్ సేవల రుసుముగా మార్చవచ్చని ఒక ప్రతిపాదన వచ్చింది. గడిచిన నెలల వాస్తవాన్ని కాగితం మీద మార్చడం తగదని, పైగా పన్ను వైపు అది వేరే ప్రశ్నలకు తావిస్తుందని మేం ఒప్పుకోలేదు.

అందువల్ల జర్మన్ ఆరోగ్య బీమా సంస్థకు, అంటే క్రాంకెన్‌కాసెకు, ఉన్నది ఉన్నట్టు రాశాం. అక్కడ ఈ నాలుగు బీమాల చందాలూ వసూలు చేసేది అదే సంస్థ కాబట్టి నిర్ణయమూ అక్కడి నుంచే రావాలి. సీఓసీ, నియామక పత్రం, హైదరాబాద్‌లో ఆ మూడు నెలలకు పీఎఫ్ చందాల నెలవారీ నివేదిక అయిన ఈసీఆర్‌లో ఆయన పేరున్న పుటలు, చలాన్లు జతచేశాం. ఖర్చు బదిలీ సంగతి కూడా దాచకుండా చెప్పాం. ఆరోగ్య, సంరక్షణ బీమాలు కొనసాగాలని, పెన్షన్, నిరుద్యోగ బీమాలకు చందా అక్కర్లేదని వాళ్లు తేల్చారు. సంకేతం 1001గా మారింది.

ఈ ఫలితం చూసి హైదరాబాద్ సంస్థ ఆర్థిక విభాగం కొంత నిరాశపడింది. నా ఉద్దేశంలో నిరాశకు కారణం లేదు. రెండు దేశాలకు ఒకే రక్షణ కోసం చందా కట్టడం వేరు, ఒకే దేశానికి కట్టడం వేరు. ఆరోగ్యం విషయంలో ఆయన ఇక్కడ ఏమీ కట్టడం లేదు, ఈఎస్ఐ 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికే వర్తిస్తుంది. కాబట్టి జర్మనీలో ఆయన వాటాగా నెలకు సుమారు 480 యూరోలు ఆరోగ్య, సంరక్షణ బీమాలకు పోతున్నా, అది రెండోసారి చెల్లింపు కాదు. దానికి బదులుగా, తర్వాత అక్కడికి వెళ్లిన భార్యకూ బిడ్డకూ అదనపు చందా లేకుండా అదే బీమాలో చోటు దొరికింది. వీసా కోసం తీసుకున్న ప్రైవేటు పాలసీని రద్దు చేసుకున్నారు.

కోసిన డబ్బు తిరిగి రావడం

పెన్షన్, నిరుద్యోగ బీమాలకు మూడు నెలల్లో కోసింది ఉద్యోగి నుంచి 1,590 యూరోలు, యజమాని నుంచి మరో 1,590. తప్పుగా కట్టిన చందా ఎవరు కట్టారో వాళ్లకే తిరిగి వస్తుంది, ఎవరి వాటా వాళ్లది. జర్మన్ చట్టం ప్రకారం ఈ హక్కు, చందా కట్టిన క్యాలెండర్ సంవత్సరం ముగిసినప్పటి నుంచి నాలుగేళ్లలో అడగకపోతే పోతుంది. ఇంకో షరతు కూడా ఉంది. ఆ చందా ఆధారంగా ఈలోగా ఏదైనా ప్రయోజనం పొంది ఉంటే వాపసు రాదు. అందుకే పెన్షన్, నిరుద్యోగ బీమాల నుంచి ఏ ప్రయోజనమూ పొందలేదని, కోరలేదని ఉద్యోగి చేత రాయించి సంతకం చేయించాం. పేరోల్ సేవల సంస్థ పాత నమోదును రద్దు చేసి, కొత్త సంకేతంతో మూడు నెలలకూ మళ్లీ నివేదికలు పంపింది. పాత నమోదు రద్దు చేయకుండా డబ్బు మాత్రం వెనక్కి తెప్పించుకుంటే ఆయన పేరిట పెన్షన్ ఖాతాలో మూడు నెలల బీమా కాలం మిగిలిపోతుంది. భవిష్యత్తులో అది ఎన్ని చిక్కులు తెస్తుందో కింద చెప్పే విషయం చూస్తే అర్థమవుతుంది.

ఆ తర్వాత రెండున్నరేళ్లలో చేయాల్సిన పని ఒక్కటే, హైదరాబాద్‌లో పీఎఫ్ ఆగకుండా చూడటం. ఉద్యోగి ఇక్కడ హాజరు లేడని, సెలవుపై ఉన్నాడని భావించి ఈసీఆర్‌లో సున్నా చూపించే అలవాటు కొన్ని పేరోల్ విభాగాల్లో ఉంది. అది సీఓసీ వేళ్లు నరకడమే, ఎందుకంటే ఈ ఉద్యోగి మా పథకంలో చందా కడుతున్నాడన్న మాట మీదే జర్మనీ తన చందా వదులుకుంది. ఆ మాట నిజం కాదని తేలితే జర్మనీ మొదటి నెల నుంచీ బకాయి అడగవచ్చు. ప్రతి నెలా 15వ తేదీ లోపు కట్టిన చలాను, ఆయన పేరున్న ఈసీఆర్ పుట వేరే ఫైలులో ఉంచాం. సీఓసీ ఉన్నంతకాలం ఆయన ఇక్కడి పీఎఫ్ లెక్కల్లో మామూలు భారతీయ సభ్యుడే. జర్మన్ పథకంలో ఆయనకు ఏ హక్కూ ఏర్పడటం లేదు కాబట్టి అంతర్జాతీయ ఉద్యోగి అనే వర్గంలోకి రాడు.

గడువుకు ముందే మారిన పరిస్థితి

2025 వేసవిలో జర్మన్ సంస్థ ఆయన్ను శాశ్వతంగా తీసుకోవాలని నిర్ణయించింది. సీఓసీ 48 నెలల వరకు చెల్లుతుంది కదా, ఇంకో ఏడాది దానిపైనే నడిపించవచ్చా అని హైదరాబాద్ సంస్థ అడిగింది. ఒప్పందంలో 48 నెలలు ఉన్న మాట నిజమే, కానీ అది పంపిన ఉద్యోగికి ఇచ్చిన గడువు. జర్మన్ సంస్థతో ఉద్యోగ ఒప్పందం కుదిరిన రోజునే, అది ఏ నెల అయినా, పంపడం ముగుస్తుంది. పైగా ఐసీటీ కార్డు మూడేళ్లకు మించి ఉండదు కాబట్టి నాలుగో ఏడాది సీఓసీ ఉన్నా నివాసానికి ఆధారం ఉండదు. 2025 అక్టోబర్ 1న బ్లూ కార్డుతో కొత్త ఒప్పందం మొదలైంది. సెప్టెంబర్ 30తో నియామకం ముగిసినట్టు ఈపీఎఫ్ఓకు, క్రాంకెన్‌కాసెకు ఒకేసారి తెలియజేశాం. హైదరాబాద్‌లో ఆయన పీఎఫ్ ఖాతాలో నిష్క్రమణ తేదీగా అదే నమోదైంది. అక్టోబర్ చీటీలో సంకేతం 1111 అయింది, ఈసారి అది సరైనదే. మొత్తం మీద 32 నెలల పాటు ఆదా అయిన చందా, రెండు వాటాలూ కలిపి 33,920 యూరోలు.

స్థానిక ఉద్యోగిగా మారాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఇక్కడి పీఎఫ్, పెన్షన్ సేవాకాలం ఏమవుతుందని. 2012 నుంచి లెక్కిస్తే ఆయనకు పెన్షన్ పథకంలో పదేళ్లు నిండాయి, 58 ఏళ్లకు వచ్చే నెలవారీ పెన్షన్ హక్కు అలాగే ఉంటుంది. జర్మనీలో వృద్ధాప్య పెన్షన్‌కు కనీసం 60 నెలల బీమా కాలం కావాలి. సమగ్ర ఒప్పందం వల్ల భారత్‌లోని బీమా కాలాన్ని ఆ 60 నెలల అర్హతకు కలుపుకుంటారు, పెన్షన్ మొత్తాన్ని మాత్రం జర్మనీలో కట్టిన చందా మేరకే లెక్కిస్తారు. అంటే ఆయన రెండేళ్లే పనిచేసి తిరిగి వచ్చినా ఆ రెండేళ్లకు తగిన చిన్న పెన్షన్ హక్కు పోదు. ఇక్కడి సేవాకాలం ఆధారాలు ఆయన దగ్గర ఉండాలన్నది అందుకే. పీఎఫ్ పాస్‌బుక్ ప్రతిని, సర్వీసు వివరాలను అప్పుడే తీసి ఇచ్చాం.

తిరిగి వచ్చే సందర్భం గురించి ఆయనకూ సంస్థకూ రాతపూర్వకంగా చెప్పిన ఇంకో విషయం ఉంది, దాన్ని చాలామంది యజమానులు గమనించరు. సీఓసీ లేకుండా ఒప్పంద దేశపు పథకంలో పనిచేసి, ఆ ఒప్పందం ద్వారా అక్కడ ప్రయోజనాలకు అర్హత పొందిన భారతీయుడు, 2008 అక్టోబర్ 1 నుంచి పీఎఫ్ పథకంలో ఉన్న 83వ పేరా కింద అంతర్జాతీయ ఉద్యోగి అవుతాడు. తిరిగి వచ్చి ఇక్కడ ఏ సంస్థలో చేరినా, అక్కడి ప్రయోజనం పొందేదాకా ఆ హోదా కొనసాగుతుందని ఈపీఎఫ్ఓ వివరణ. అలాంటి ఉద్యోగికి 15,000 రూపాయల పరిమితి వర్తించదు, పూర్తి వేతనంపై 12 శాతం చొప్పున రెండు వాటాలూ కట్టాలి. 2023లో తప్పుగా పడిన ఆ మూడు నెలల నమోదును రద్దు చేయించకుండా వదిలేసి ఉంటే, ఆయన అనుకున్నట్టు 2026లో హైదరాబాద్‌కు తిరిగి వచ్చినా ఈ ప్రశ్న ఎదురయ్యేది. ఇప్పుడు మాత్రం 2025 అక్టోబర్ 1 తర్వాతి కాలానికే అది వర్తిస్తుంది. ఆ తేదీ, రద్దు చేసిన నమోదు తాలూకు లేఖ, 1001 సంకేతమున్న చీటీలు ఉన్న ఫైలు ఒక ప్రతి ఆయన దగ్గర, ఒకటి హైదరాబాద్ సంస్థ దగ్గర ఉన్నాయి.